పాసు చెల్లని గంటలు

లాల్‌దర్వాజాలో పాలు పోసి బతికిన బాలనర్సింహకు కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు అఫ్జల్‌గంజ్ వైపు ఒక ఆస్పత్రిలో డయాలసిస్. బస్సెక్కే ఓపిక లేదు. కొడుకు నందు తల్లి లలితమ్మ ఫోన్లో ఆటో పాసు కొన్నాడు.

"అమ్మా, నెలకు ముప్పై సవారీలు. ఐదు కిలోమీటర్ల లోపలే. కిరాయి వంద దాటితే పైది మనమే ఇయ్యాలె. పొద్దుగాల ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది పాసు నడవది. గప్పుడు బుక్ చేస్తే పూరా కిరాయే."

ఇల్లు నాలుగు కిలోమీటర్లే. పొద్దున బ్యాచ్ కావడంతో మధ్యాహ్నానికే ఇంటికొచ్చేవారు. తర్వాత ఆస్పత్రివాళ్లు అతణ్ణి మధ్యాహ్నం బ్యాచ్‌కు మార్చారు. మెడ దగ్గరి గొట్టానికి తగిలించిన పైపులు తీసేసరికి ఐదు దాటేది. ఆ వేళ కిరాయి రెట్టింపు చూపించేది. దుకాణంలో నిలబడి పనిచేసే కొడుకు జీతం గుర్తొచ్చి, లలితమ్మ భర్తను గేటు దగ్గరి బెంచీ మీద కూర్చోబెట్టేది. ఎనిమిది కొట్టేదాకా ఇద్దరూ అక్కడే. అతను తన బర్రెల ముచ్చట్లు చెప్పేవాడు. నిజానికి ఆ ముచ్చట్లు ఆమెకు ఇష్టంగానే ఉండేవి.

ఆ రోజు అతను బర్రెల ముచ్చట ఎత్తలేదు.

"లలితా, సలి పెడ్తుంది. పోదాం పా."

డయాలసిస్ అయ్యాక చలి కొత్త కాదు. ఆమె తన కొంగు కూడా అతనికి కప్పి ఫోన్ చూసింది.

"జర ఆగు. అర్ధగంటైతే పాసు నడుస్తది."

అతను తలూపి, చేతులు చంకల్లో పెట్టుకున్నాడు. పళ్లు టకటక కొట్టుకున్నాయి. మళ్లీ అడగలేదు.

ఎనిమిదికి ఆటో వచ్చింది. ఇల్లు చేరేసరికి ఒళ్లు కాలిపోతోంది. మాత్ర వేసి పడుకోబెట్టింది. తెల్లవారి లేపితే మాట తేలలేదు. ఆస్పత్రికి తీసుకెళ్లారు. మెడ దగ్గర పెట్టిన గొట్టం నుంచి రక్తంలోకి చీము పాకిందన్నారు.

"వణుకు రాగానే లోపలికి తీసుకురావలసిందమ్మా," అన్నాడు డాక్టరు.

లోపలికి. బెంచీ నుంచి పది అడుగులైనా లేదు.

ఆ వారం దాటకుండానే బాలనర్సింహ పోయాడు.

దినాలయ్యాక నందు ఆమె పక్కన కూలబడ్డాడు.

"ఆ పాసు నేను కొనకపోతే మీరు ఆడ కూసుండకపోతుంటిరి. నా వల్లనే అమ్మా."

"గట్లనకు బిడ్డా. నువ్వు మంచికే కొన్నవ్."

"ఆ రోజు బాపు ఏమన్నా అన్నడా? సలి పెడ్తుందని గిట్ల?"

లలితమ్మ వాడి తలను ఒడిలోకి లాక్కుంది.

"లేదు బిడ్డా. బర్రెల ముచ్చట చెప్పుకుంట కూసున్నడు."

వాడు ఏడుస్తూనే ఉన్నాడు. ఆమె వాడి జుట్టు నిమురుతూ కూర్చుంది.