రెండు వాక్యాల మధ్య గుంట

నాన్న రైలు డ్రైవరుగా రిటైరయ్యాడు. ముప్పయ్యేళ్లు లాగ్ బుక్కు రాసిన చెయ్యి కదా, జ్ఞాపకాలు కూడా అలాగే రాశాడు. "బండి ఎక్కాను. వాన పడింది. బొగ్గు తడిసింది. భయం వేసింది." పేజీలకు పేజీలు ఇదే గతుకుల రోడ్డు. కూతురు ప్రచురణ సంస్థలో ఎడిటరు కావడంతో, ఆ రోడ్డు సాపు చేసే పని ఆమె నెత్తిన పడింది. సాయంత్రానికల్లా పుస్తకం ప్రెస్సుకు వెళ్లాలి.

"బండి ఎక్కేసరికి వాన అందుకుంది, నిప్పు రాజుకునేలోపే బొగ్గు తడిసి ముద్దయింది. భయం వేసింది." అని కూతురు కలిపి రాసి, చివరి వాక్యాన్ని కావాలనే పొట్టిగా వదిలింది. అన్నిటినీ అతికిస్తే భయం కూడా సాగదీసినట్టుంటుంది. ఎదురు కుర్చీలో నాన్న మురిసిపోయాడు.

"నేను రాసిందేనా ఇది? కథలా ఉందే!"

నూట పన్నెండో పేజీలో ప్రమాదం వచ్చింది. "సిగ్నల్ చూశాను. బండి ఆపలేదు. వ్యాగన్లను గుద్దాను. తమ్ముడి ఉద్యోగం పోయింది."

తమ్ముడంటే బాబాయి, ఆ స్టేషన్లో సిగ్నల్ వేసే మనిషి. ఎరుపే ఇచ్చానని నెత్తీనోరూ బాదుకున్నా ఎవరూ నమ్మలేదు, నిద్రమత్తులో పచ్చ వేశాడన్నారు. ఆయన్ని "నిద్రమొహం బాబాయి" అని పిలిచి ఇంటిల్లిపాదినీ నవ్వించింది ఈ కూతురే. ఆయన కూడా నవ్వి ఊరుకునేవాడు.

రెండు వాక్యాల మధ్య అతుకు ఏదో ఒకటి పెట్టేస్తే సరిపోదు, రాసినవాడి మనసులో ఏముందో అడగాలి. అది ఆమె అలవాటు.

"సిగ్నల్ చూశాను, కాబట్టి బండి ఆపలేదు. అంతేగా నాన్నా?"

"కాబట్టి కాదమ్మా."

"మరి?"

నాన్న చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. "అయినా."

ఆమెకు ముందు అర్థం కాలేదు. అయినా అని పేజీ మీద రాసింది. సిగ్నల్ చూశాను, అయినా బండి ఆపలేదు. రాశాక పెన్ను కింద పెట్టింది.

"ఎర్రగా ఉందా?"

"బండి ఆలస్యంగా నడుస్తోంది. పట్టాలు ఖాళీగానే ఉంటాయనుకున్నా. విచారణలో నిజం చెప్పడానికి నోరు పెగల్లేదు, పచ్చ అనేశా." నాన్న తల దించుకున్నాడు. "ఉన్నదున్నట్టు వదిలెయ్యమ్మా. వాక్యాల మధ్య చుక్కలు అలాగే ఉండనీ."

ఇన్నేళ్లూ తాను ఎవరిని ఎక్కిరించింది? ఎవరి పక్కన కూర్చుని అన్నం తిన్నది? కోపం, సిగ్గు రెండూ ఒకేసారి ముంచుకొచ్చాయి. కళ్లు తుడుచుకుని పెన్ను తీసింది.

"సిగ్నల్ ఎర్రగా ఉండటం చూసి కూడా బండి ఆపకుండా వ్యాగన్లను గుద్దాను, పైగా విచారణలో పచ్చ అని చెప్పాను కాబట్టే తమ్ముడి ఉద్యోగం పోయింది."

నాన్న చదివాడు.

"ఇంత పొడుగు వాక్యం ఎవరు చదువుతారమ్మా?"

"బాబాయి చదువుతాడు."

ఆమె పెన్ను ఆయన చేతికిచ్చి, పేజీ అడుగున, దిద్దుబాటుకు ఒప్పుకున్నట్టు రచయిత సంతకం చెయ్యాల్సిన చోటు చూపించింది. నాన్న ఆ వాక్యాన్ని మరోసారి చదివి, సంతకం పెట్టాడు.