హీల్స్ మీద తీసిన కొలత

పొట్టిగా పుట్టినవాళ్లకు లోకమంతా ఉచితంగా సలహాలిస్తుంది. కమ్మీ పట్టుకుని వేలాడమంటుంది, పాలు తాగమంటుంది, నిలువు చారల బట్టలు వేసుకోమంటుంది. నిస్సీ అన్నీ వింది, అన్నీ చేసింది, అంగుళమైనా ఎదగలేదు. చివరికి విసుగొచ్చి తన దారి తను చూసుకుంది. నాలుగంగుళాల హీల్స్ కొనుక్కుంది.

తిరుపతి హోటల్లో జరిగిన పెళ్లిచూపులకు వాటి మీదే వెళ్లింది. గూడూరు నుంచి వచ్చిన విజయ్ కుమార్ ఎదురుగా నిలబడితే ఆమె కళ్లు అతని గడ్డం దాకా వచ్చాయి. అతని తల్లి కృపారాణి ఇద్దరినీ ఎగాదిగా చూసి, "ఎత్తులు బాగా కుదిరినాయి" అంది. ఆ ఒక్క మాటతో నిస్సీ పని అయిపోయింది. ఆ తర్వాత విజయ్‌ని ఎక్కడ కలిసినా హీల్స్ మీదే కలిసింది. కాళ్లు బొబ్బలెక్కినా నవ్వుతూనే నడిచింది. పోనీ నిజం చెప్పేద్దామా అంటే, అతని మీద ఇష్టం రోజురోజుకూ పెరుగుతోంది. ఇష్టం పెరిగేకొద్దీ కిందికి దిగాలంటే భయం కూడా పెరుగుతోంది.

పెళ్లి గూడూరులో, మగపెళ్లివాళ్ల చర్చిలో. ఆ రోజు దగ్గరపడింది. పెళ్లికూతురి తెల్ల పట్టుచీర మగపెళ్లివాళ్లు పెట్టడం వాళ్ల ఆనవాయితీ. కృపారాణి ఇంకో మెట్టు ఎక్కి, చీర కింద కట్టే లోపావడ గుడ్డ కూడా తానే తెస్తానంది. నిస్సీ పిన్ని రూతుకు శ్రీకాళహస్తి బస్టాండు వెనక టైలరు కొట్టు ఉంది కాబట్టి అక్కడే కొలతలు, అక్కడే కత్తిరింపు అనుకున్నారు. కృపారాణి రైలు దిగి వచ్చేలోపే రూతు నిస్సీని నిలబెట్టింది.

"పెళ్లికి ఏ చెప్పులేసుకుంటావో అవే ఎయ్యి. చెప్పుల మీద నిలబడందే పావడ పొడుగు తెగదు" అంది.

నిస్సీ సంచిలోంచి హీల్స్ తీసి వేసుకుంది. రూతు వాటిని చూసి ముక్కున వేలేసుకుంది. "ఏందిమే ఇవి, చెప్పులా, నిచ్చెనా?"

"నువ్వు కొలువు పిన్నీ."

రూతుకు మాటా ఆగదు, చెయ్యీ ఆగదు. ముందు స్టూలు మీద కూర్చోబెట్టి నడుము కొలిచింది. నిలబడి కొలిస్తే కూర్చున్నప్పుడు బొందు కోస్తుందట. "అట్లని మరీ వదులు పెట్టినామనుకో, బొందు లాగినప్పుడు గుడ్డంతా ముందరికి చేరి కుచ్చిళ్ల కింద బుట్ట మాదిరి లేస్తాది" అని, మళ్లీ నిలబెట్టి, "బొందు యాడ కడతావు? వేలు పెట్టి సూపీ. అంగుళం కిందికి కడితే అంగుళం నేల ఊడుస్తాది" అంది. నిస్సీ బొడ్డు కింద వేలు పెట్టింది. అక్కణ్ణుంచి నేల దాకా టేపు జారవిడిచి, దాంట్లో అంగుళం తగ్గించింది. పావడ చీర కంటే ఆ మాత్రం పైకి లేకపోతే అంచు కింద నుంచి తొంగి చూస్తుంది. చీర అంచు మాత్రం హీల్స్ మొత్తాన్నీ కప్పి నేలను తాకీ తాకనట్టు ఉంటుంది. నిస్సీకి కావలసింది సరిగ్గా అదే.

కొలత సుద్దతో బల్ల మీద రాశారో లేదో, కృపారాణి రానే వచ్చింది. ఒక చేతిలో చీర, పావడ గుడ్డ ఉన్న పెట్టె, ఇంకో చేతిలో సంచీ నిండా గూడూరు నిమ్మకాయలు. నిస్సీ నిలబడే ఉంది, హీల్స్ మీద. చీర విప్పి చూపిస్తూ కృపారాణి మాటల్లో పడింది.

"మా చర్చి మీరు సూడలా గదా వదినా. కొత్తగా పాలరాయి పరిపించినారు. చెప్పులన్నీ మెట్ల కాడ ఇడవాల్సిందే. పెళ్లికూతురైనా సరే, కలెక్టరైనా సరే."

నిస్సీ గుండె జారి ఆ నాలుగంగుళాలూ దిగిపోయింది. తిరుపతిలో ఆమె వెళ్లే చర్చిలో ఎవరూ చెప్పులు విడవరు. ఇలాంటి పద్ధతి ఒకటి ఉంటుందని ఆమెకు తట్టనే లేదు.

రూతు కత్తెర పట్టుకుని నిస్సీ వైపు చూసింది. కృపారాణి నిమ్మకాయలు లోపల పెడతానని వెళ్లగానే గొంతు తగ్గించి అడిగింది. "ఏ పొడుక్కి కోసేది? ఈ కొలతకి కోస్తే చర్చిలో చీరంతా కాళ్లకి సుట్టుకోని బొక్కబోర్లా పడతావు. ఒట్టికాళ్ల కొలతకి కోస్తే బయట నీ నిచ్చెనలు ఊరంతా సూస్తాది."

"లోపలికి పోయేటప్పుడు బొందు పైకి లాక్కుంటే?"

"నాలుగంగుళాలు పైకి లాగితే డొక్కల కాడికొస్తాది. చీర దోపింది దాంట్లోనే గదా. పిన్నులన్నీ పీకి మళ్లా కట్టల్ల. పెళ్లికొడుకును మెట్ల మీద కూర్చోపెట్టి కడతావా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఎటు కోసినా ఆ చర్చి మెట్ల దగ్గర, అన్ని కళ్ల ముందు, విజయ్ పక్కన తను దిగిపోవడం ఖాయం. 'ఎత్తులు బాగా కుదిరినాయి' అన్న మనిషి అప్పుడేమంటుంది? విజయ్ ఏమనుకుంటాడు? చెప్పుల సంగతే దాచినదానివి ఇంకేం దాచావో అనడా? నిస్సీకి ఏడుపొచ్చింది. అంతకంటే ముందు తన మీద తనకే కోపమొచ్చింది. జన్మంతా కాలి వేళ్ల మీద సంసారం చేస్తానా ఏమన్నా?

కృపారాణి తిరిగి రాగానే నిస్సీ కుడి చెప్పు విడిచింది. ఒక పక్కకు ఒరిగింది. ఎడమదీ విడిచింది. ఇప్పుడామె కళ్ల ఎదురుగా కృపారాణి మెడలోని సిలువ గొలుసు ఉంది.

"అత్తా, నేనింతే" అంది. "హోటల్లో సూసింది నన్ను కాదు, ఈ చెప్పుల్ని. చెప్పల్లనుకుంటానే ఉన్నా, ధైర్యం రాలా. ఆయనకి కూడా తెలీదు. మీరేమనుకున్నా సరే, పావడ మాత్రం ఒట్టికాళ్ల కొలతకే కొయ్యమంటా ఉన్నా."

కృపారాణి కింద ఉన్న హీల్స్ చూసింది, కోడల్ని చూసింది. స్టూలు లాక్కుని కూర్చుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందేమోనని రూతు కంగారుపడింది. తీరా చూస్తే కృపారాణి నవ్వాపుకుంటోంది.

"మా వాడు వారం నించీ పాస్టరు గారి ప్రాణం తీస్తా ఉండాడు వదినా. పెళ్లికొడుకు ఒక్కడికైనా బూట్లతో లోపలికి రానీండి అని. ఏందిరా నీ బాధ అని నిన్న గట్టిగా అడిగితే చెప్పినాడు. పెళ్లిచూపులప్పటి నించీ బూట్లలో రెండంగుళాల మెత్తలు పెట్టుకోని తిరగతా ఉండాడంట. ఆ పిల్ల పొడుగుమా, మెత్తల్లేకుండా పక్కన నిలబడితే నన్ను వద్దంటాదేమో అని ఒకటే దిగులు."

నిస్సీకి నవ్వొచ్చింది, నవ్వులోనే కన్నీళ్లొచ్చాయి. ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఇన్నాళ్లూ కాళ్లు నొప్పి పెట్టుకున్నారన్నమాట.

"నాకు నచ్చిన పిల్లవి నువ్వు. చెప్పులు కాదు" అని కృపారాణి ఆమె బుగ్గ గిల్లింది. "కొలువు వదినా, ఈసారి నిజం కొలత."

రూతు బల్ల మీది సుద్ద గీత చెరిపేసి మళ్లీ టేపు జారవిడిచింది. సగంలో చెయ్యి ఆపింది.

"అవును వదినా, అబ్బాయి పెళ్లి పాంటు కొలత ఎట్లిచ్చినాడు? ఆ బూట్లేసుకోనేనా?"

కృపారాణి నవ్వు టక్కున ఆగింది. గబగబా ఫోను తీసింది.

"రేయ్ విజయ్, ఉన్నపళంగా పాంటు తీసుకోని బస్సెక్కు. పెళ్లికూతురు ఈడనే ఉండాది, కిందికి దిగింది. నువ్వూ దిగి రా."