ఇంకో ముగ్గురి కోసం

ఆ రోజుల్లో నాకు నిద్రలో కూడా ఫోన్లు మోగేవి. పొద్దున కుక్కర్ కూత వేస్తే "నమస్కారం, చెప్పండి" అనబోయి నాలుక కరుచుకునేదాన్ని. కళ్లు మూసుకుంటే నాంపల్లి స్టేషన్ రోడ్డు పొడవునా జనం ఖాళీ గ్లాసులు పట్టుకుని వరసగా నిలబడి కనిపించేవాళ్లు. ఎవరూ అరిచేవారు కాదు, తోసుకునేవారు కాదు. లైన్లో ఉండమని చెప్పింది మేమే కదా, పాపం, అలాగే ఉండిపోయారు.

మాది మంచినీళ్ల ఫిల్టర్ల కంపెనీ. ఆబిడ్స్ నుంచి నాంపల్లి వెళ్లే దారిలో ఒక పాత మేడ మూడో అంతస్తులో కస్టమర్ సపోర్ట్ విభాగం ఉంది. దానికి మేనేజర్ని నేను, వసుమతిని. మా హాలు కిటికీలకు ఇప్పటికీ ఆకుపచ్చ అద్దాలే. మధ్యాహ్నం ఎండ వాటిలోంచి దిగితే హాలంతా నీళ్లు నిండినట్టు ఉంటుంది. ఆ వెలుతురులో తొమ్మిదిమంది హెడ్‌సెట్లు పెట్టుకుని, ఫిల్టర్‌లోంచి చుక్క రావట్లేదని బెంగపడేవాళ్లకు ధైర్యం చెబుతుంటారు.

అందరిలోకీ సీనియర్ శ్రీవిద్య. ఆమె గొంతు సగం హైదరాబాదుకు తెలుసు. ఒకసారి నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో గాజులు బేరమాడుతుంటే పక్కనున్న ఎవరో పెద్దావిడ గబుక్కున చెయ్యి పట్టుకుని "నువ్వు ఫిల్టర్ అమ్మాయివి కదూ!" అందట. ఆ గొంతు ఆ ఏడాది పాడవడం మొదలైంది. పొద్దున బాగానే ఉండేది. సాయంత్రానికి బొంగురుపోయి, సగం మాట గాలిగా వచ్చేది. డాక్టర్ చూసి, లోపల చిన్న చిన్న కాయల్లా లేచాయన్నాడు. రెండు నెలలు మాట్లాడటం మానేసి గొంతుకు విశ్రాంతి ఇవ్వకపోతే పాత గొంతు తిరిగి రాకపోవచ్చని కూడా చెప్పాడు.

"రెండు నెలలు నేను ఇంట్ల కూసుంటే వీళ్లెట్ల చేస్తరక్కా? ఉన్నదే తొమ్మిదిమందిమి. నేను గోలీలు వేసుకుంట తియ్యి" అంది ఆ గాలి గొంతుతోనే.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె మీద కాదు. ఆమె చెప్పింది నిజమైనందుకు మండింది. అదే రోజు కూర్చుని వచ్చే బడ్జెట్ కోసం మెమో రాశాను. అదనంగా ముగ్గురు కావాలి. ఎన్ని కాల్స్ వస్తున్నాయి, ఒక్కో కాల్‌కు సగటున ఎంతసేపు పడుతోంది, సెలవులూ శిక్షణా విరామాలూ పోగా ఒక మనిషి నిజంగా సీట్లో ఉండేది ఎంతసేపు, ముగ్గురికి అయ్యే ఖర్చెంత, అన్నీ రాశాను. మనుషుల బదులు చాట్‌బాట్ పెడితే సరిపోదా అన్న ప్రశ్నకు జవాబు కూడా ముందే రాసి పెట్టాను. ఫైనాన్స్‌వాళ్లు దేవుడు ప్రత్యక్షమైనా ముందు ఆ ప్రశ్నే అడుగుతారు.

మెమో వెనక్కి వచ్చింది. ఫైనాన్స్ హెడ్ సదాశివ నన్ను పై అంతస్తుకు పిలిచాడు. చార్కమాన్ వైపు పాత కుటుంబం వాళ్లది. చెడ్డవాడు కాదు, కానీ కాగితం మీద లేనిది లోకంలోనే లేదనుకునే రకం.

"వసుమతి గారూ, మీ రిపోర్టు మీరే జర చూడున్రి" అన్నాడు. "వంద కాల్స్ వస్తే, జవాబు దొరకక పోయినోళ్లు నలుగురే అని ఉన్నది. మీ పిల్లల మీద భారం గూడ మామూలుగనే ఉన్నది. గింత మంచిగ నడిచే డిపార్ట్‌మెంట్‌కు ముగ్గురెందుకని కమిటీ అడిగితే నేనేం చెప్పాలె?"

ఆ నలుగురు అన్న అంకె ఎలా పుట్టిందో నాకు తెలుసు.

మా హాల్లో ఒక ఆచారం ఉంది. శ్రీవిద్యే మొదలుపెట్టింది. విసుగొచ్చి ఫోన్ పెట్టేసినవాళ్ల నంబర్లు సిస్టమ్‌లో ఒక జాబితాగా పడతాయి. మధ్యాహ్నం అన్నాల వేళ, లైన్లు ఎలాగూ నిండి ఉంటాయి కనుక, మా పిల్లలు వంతులవారీగా డబ్బాలు విప్పి, ఒక చేత్తో తింటూ సొంత ఫోన్ల నుంచి వాళ్లందరికీ తిరిగి చేస్తారు. దానికి 'మారు వడ్డన' అని పేరు. మాట్లాడటం అయ్యాక సిస్టమ్‌లో 'పరిష్కరించాం' అని నొక్కుతారు. అంతే, పోయిన కాల్ పోనట్టు అవుతుంది. మాట్లాడిన సమయం సొంత ఫోన్లో ఉంటుంది కనుక ఆ పని ఎవరి లెక్కలోకీ రాదు.

హిమాయత్‌నగర్‌లో రామచంద్రమూర్తి గారని ఒకాయన ఉన్నారు. రిటైరైన గుమాస్తా. ఫిల్టర్ కూత పెడితే పేలిపోతుందని వాళ్లావిడ బుజ్జమ్మ గారికి భయం. ఆయన సరిగ్గా అన్నాల వేళే ఫోన్ చేస్తారు, కాసేపు చూసి పెట్టేస్తారు. శ్రీవిద్య పెరుగన్నం కలుపుకుంటూ తిరిగి చేసి, "గది పేలదు అంకుల్, లోపలి క్యాండిల్ మార్చాలని చెప్తున్నది, గంతే" అంటుంది. ఆ తర్వాత బుజ్జమ్మ గారి మోకాళ్ల నొప్పుల సంగతి కూడా వింటుంది.

ఇదంతా సదాశివకు చెప్పేశాను.

"సిస్టమ్ల లేనిదాన్ని కమిటీ ముందర నేనెట్ల పెట్టాలె? సొంత ఫోన్ల నుంచి కస్టమర్లకు చేసుడు రూల్స్‌కే ఖిలాఫ్" అన్నాడు. తర్వాత కాస్త మెల్లగా, "మీ పనిని మీరే దాచిపెట్టిన్రు గదమ్మా. మాకు కనబడమంటే ఎట్ల కనబడతది?" అన్నాడు.

ఆ మాట నన్ను నిలువునా కోసింది. కోసిందంటే నిజం కనుకనే. మెట్లు దిగుతుంటే దూరంగా రైలు కూత వినిపించింది. రోడ్డు మీద గ్లాసులు పట్టుకున్నవాళ్లంతా తలెత్తి నావైపు చూస్తున్నట్టు అనిపించింది.

సోమవారం అందరినీ పిలిచి చెప్పాను. "ఈ వారం మారు వడ్డన లేదు. అన్నం తినేటప్పుడు అన్నమే తినండి. ఫోన్లు సొరుగులో పెట్టండి."

శ్రీవిద్య లేచి నిలబడింది. "మరి చేసినోళ్లు ఏమైతరక్కా?"

"జవాబు దొరకదు. మళ్లీ చేస్తారు. దొరక్కపోతే తిడతారు. ఏడాది సర్వీసు కాంట్రాక్టు కొంతమంది రెన్యూ చేయించుకోరు. అదే కనబడాలి."

"మన కోసం వాళ్లను ఎండబెట్టుడా?"

"మన కోసం కాదు, నీ గొంతు కోసం" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. ఆమె సొరుగు లాగి ఫోన్ అందులో పడేసి, దూరంగా వెళ్లి కూర్చుంది.

ఆ మధ్యాహ్నాలు నాకు ఇప్పటికీ కలలాగే గుర్తున్నాయి. వంతు వచ్చినవాళ్లు ఆకుపచ్చ వెలుగులో డబ్బాలు విప్పుకుని ఎప్పుడూ లేనంత నింపాదిగా తిన్నారు. గోంగూర వాసన హాలంతా తేలుతూ తిరిగేది. గోడ మీద పెద్ద తెరలో వేచి ఉన్నవాళ్ల సంఖ్య పెరిగేది, కాసేపటికి ఎవరో ఆశ వదులుకుంటే ఒకటి తగ్గేది. శబ్దం ఉండేది కాదు. ఒక్కో అంకె తగ్గినప్పుడల్లా రోడ్డు మీద ఎవరో ఖాళీ గ్లాసుతో ఇంటిదారి పట్టడం నాకు కనిపించేది. శ్రీవిద్య తెరకు వీపు పెట్టి కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకునేది. అది ఎంతకీ దిగేది కాదు. ఆమెను చూస్తే నాకు ఏడుపొచ్చేది. ఆగిపోదామని చాలాసార్లు అనుకున్నాను కూడా.

గురువారం సదాశివను కిందికి రమ్మన్నాను. "తెర చూస్తే చాలదు. ఒక లంచ్ టైమ్ ఈ కుర్చీలో కూర్చోండి" అన్నాను. ఆయన నవ్వి, నిజంగానే వచ్చాడు. హెడ్‌సెట్ తలకిందులుగా పెట్టుకున్నాడు. మా పిల్లలు నవ్వాపుకోలేక సతమతమయ్యారు. మొదటి కాల్ కోఠి నుంచి ఒక హాస్టల్ వార్డెనమ్మది. ఫిర్యాదు రాసుకుని, మెకానిక్ ఎప్పుడొస్తాడో కనుక్కుని చెప్పేసరికి ఆయన చొక్కా తడిసింది. ఆ ఒక్క కాల్ అయ్యేలోపు వెనక ఎంతమంది వచ్చి పోయారో తెరమీద చూసి, "వీళ్లందరు ఎటు పోయిన్రు?" అని అడిగాడు.

"ఇళ్లకు" అన్నాను.

అప్పుడే తలుపు దగ్గర ఒక ముసలాయన కనిపించాడు. తెల్ల చొక్కా, చేతిలో గొడుగు, మెట్లెక్కిన ఆయాసం. బిల్లు మీద అడ్రసు చూసుకుంటూ వచ్చారట.

"శ్రీవిద్య అనే అమ్మాయి ఇక్కడేనా అండీ పనిచేసేది?" అన్నారు. "నా పేరు రామచంద్రమూర్తి. సోమవారం నుంచీ చేస్తున్నాను. ఎప్పుడూ వెంటనే తిరిగి చేసే పిల్ల, ఈసారి అలికిడే లేదు. ఫిల్టర్ సంగతి అలా ఉంచండి. ఆ పిల్లకి ఒంట్లో ఎలా ఉందో చూసి రమ్మని మా బుజ్జమ్మ ఒకటే గొడవ."

శ్రీవిద్య చెయ్యి కడుక్కోకుండానే లేచింది. ఎదురుగా వెళ్లి నిలబడి, "నేనే అంకుల్, శ్రీవిద్యను" అంది.

ఆ మాటలో సగమే బయటికి వచ్చింది. మిగతాది గరగరమని గొంతులోనే ఉండిపోయింది. రామచంద్రమూర్తి గారు ఆమె ముఖం వంక చూసి, చెవి దగ్గరగా పెట్టి విని, మర్యాదగా తల అడ్డంగా ఊపారు.

"నువ్వు కాదమ్మా. ఆ అమ్మాయి గొంతు నాకు బాగా తెలుసు."

సదాశివ హెడ్‌సెట్ తీసి చేతిలో పట్టుకున్నాడు. నేను ముందుకు వెళ్లి చెప్పబోయాను, ఇదే ఆ అమ్మాయని. శ్రీవిద్య నావైపు చూడకుండానే చెయ్యెత్తి ఆపింది. ఆమె కళ్ల నిండా నీళ్లున్నాయి, కానీ నవ్వుతోంది.

"ఔ అంకుల్" అంది, ఒక్కో మాటా కూడదీసుకుంటూ. "ఆమె సెలవుల ఉన్నది. రెండు నెలల్ల వస్తది. పానం మంచిగనే ఉన్నది, బుజ్జమ్మ గారిని ఫికర్ చేయొద్దని చెప్పున్రి."

"హమ్మయ్య" అన్నారాయన. "రాగానే మేము అడిగామని చెప్పమ్మా." గొడుగు చంకలో పెట్టుకుని నెమ్మదిగా మెట్లు దిగారు. ఆ అడుగుల చప్పుడు వినబడకుండా పోయేదాకా శ్రీవిద్య తలుపు దగ్గరే నిలబడింది. తర్వాత వచ్చి, తన హెడ్‌సెట్‌కు చుట్టుకున్న వైరు చక్కగా విప్పి, బల్ల మీద పెట్టింది.

సదాశివ గొంతు సవరించుకున్నాడు. "మెమో మళ్ల రాయున్రి" అన్నాడు నాతో. "పాత అంకెలు తీసెయ్యున్రి. ఈ వారం ఉన్నది ఉన్నట్టు పెట్టున్రి. మళ్ల మళ్ల చేసినోళ్లను ఒక్కసారే లెక్కపెట్టున్రి, లేకపోతే కమిటీ అదే పట్టుకుంటది. రెన్యువల్స్ ఎన్ని పోతయో నేను రాస్త. ఇద్దరి కోసం సంతకం పెడత. మూడో మనిషి సంగతి ఆరు నెలలైనంక చూద్దాం."

"కొత్తవాళ్లు వచ్చి నేర్చుకునేసరికి రెండు నెలలు పడుతుంది సార్. అప్పటిదాకా?"

"బకాయిల సెక్షన్ల ఇద్దరున్నరు, ఫోన్ల మాట్లాడుడు వాళ్లకు అలవాటే. రేపటికెల్లి పంపిస్త."

"మరి శ్రీవిద్య సెలవు? కాగితం ఇంకా పెట్టలేదు" అన్నాను. కాగితం లేనిదే ఏదీ ఒప్పుకోని మనిషి కదా, గుర్తు చేద్దామనుకున్నాను.

ఆయన లేచి, హెడ్‌సెట్ నా చేతిలో పెట్టాడు.

"ఆమె సెలవుల ఉన్నదని ఇప్పుడే చెప్పిన్రు గదా" అన్నాడు. "నేను విన్న."