పాత స్పాన్సర్ చొక్కాలు

మా ఆటల క్లబ్ షాపులో టీమ్ చొక్కాలు మిగిలిపోతే తిట్లు తినేది నేనే. స్పాన్సర్లతో బేరాలాడేది మా తమ్ముడు. అందుకే సీజన్ చివర్లో వాణ్ణే అడిగాను, ఇంకో లాటు తెప్పించనా అని.

"నిక్షేపంగా తెప్పించక్కా. వచ్చే ఏడూ అదే స్పాన్సర్, అదే చొక్కా."

సరుకు దిగిన వారానికే కొత్త స్పాన్సర్‌ని ప్రకటించారు. ఛాతీ మీద పాత కంపెనీ పేరున్న చొక్కా ఇప్పుడెవడు కొంటాడు? కుట్టిన కంపెనీ వెనక్కి తీసుకోదు.

"నువ్వు ఆర్డర్ ఆపితే కొత్త బేరం గుట్టు బయటపడేదక్కా. క్లబ్‌కి రెట్టింపు డబ్బొస్తోంది" అన్నాడు.

ఉద్యోగ ధర్మంలే అని సరిపెట్టుకోబోయాను. అప్పుడు గుర్తొచ్చింది. ఏటా తన పిల్లలకి రెండు చొక్కాలు తీసిపెట్టమనేవాడు, లాటు గురించి నేనడిగిన రోజు మాత్రం "ఈసారి మావాళ్లకి వద్దులే" అన్నాడు.