పాత వాల్వు లోపం

పేటెంటు దరఖాస్తుల్లో, పాత పరికరాల లోపాలు చెప్పే నేపథ్యం భాగం రాయడం ఆవిడకు కొట్టిన పిండి. కొత్త గ్యాసు వాల్వు గురించి ఇంజనీరు పంపిన మూడు పేజీల సోదినంతా చెరిగి పారేసి, గింజల్లాంటి రెండు వాక్యాలు మిగిల్చింది: "పొయ్యి మంట ఆరితే గ్యాసును ఆపవలసిన పాత వాల్వులో రబ్బరు క్రమంగా వేడికి గట్టిపడుతుంది. అప్పుడు వాల్వు పూర్తిగా మూసుకోక గ్యాసు కారుతూనే ఉంటుంది."

"నేను చెప్పాలనుకున్నది ఇదేనండీ!" అన్నాడు ఇంజనీరు.

కంపెనీ మేనేజరు మాత్రం మండిపడ్డాడు. "ఆ పాత వాల్వులు మనవేనమ్మా! ఇంకా అమ్ముతున్నాం. రేపు కోర్టులో మన రాతే మన మెడకు చుట్టుకుంటుంది. 'కొన్ని పరిమితులున్నాయి' అని రాసి ఊరుకోండి."

"మరి కొన్నవాళ్ల సంగతో?"

"ఇక్కడి మాట బయట పెట్టనని సంతకం చేశారుగా."

ఆవిడ పళ్లు కొరుక్కుంటూ ఆ రెండు వాక్యాలూ కొట్టేసింది.

సాయంత్రం వదిన ఫోను చేసింది. "కొత్త పొయ్యి కొన్నామే! మంట ఆరితే గ్యాసు దానంతటదే ఆగిపోతుందట." కంపెనీ పేరు కూడా మురిపెంగా చెప్పింది. ఆ మేనేజరు కంపెనీయే.

"దాన్ని నమ్ముకోకు వదినా. వంటవగానే సిలిండరు దగ్గర కట్టెయ్యి."

"అదేం? ఏమైనా లోపమా?"

ఆవిడకు తాను చేసిన సంతకం గుర్తొచ్చింది.

"కొన్ని పరిమితులున్నాయి, వదినా," అంది.