గీత పడని పేరా

ఇంజనీరుగారు తన జ్ఞాపకాల పుస్తకాన్ని మొదట వేరే ఎవరికో దిద్దడానికిచ్చి చేతులు కాల్చుకున్నారు. ఆ మనిషి అంతా శుభ్రంగా, తళతళలాడేలా చేసి పంపాడట. ఏ మాట తనదో, ఏ మాట అతనిదో పెద్దాయనకి అంతుపట్టలేదు. అందుకే ఈసారి పెట్టుకున్న కొత్త ఎడిటర్ మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు కాఫీ కప్పు కింద పెట్టకుండానే విషయంలోకి దిగారు.

"నా వాక్యం మీద నువ్వు చెయ్యి వేస్తే ఆ వేలిముద్ర నాకు కనపడాలమ్మా. దొంగచాటుగా దిద్దితే ఒప్పుకోను."

"ట్రాక్ చేంజెస్ ఆన్ చెయ్యకుండా ఒక్క కామా కూడా ముట్టుకోను సార్," అందామె. "నేను చేర్చింది ఎర్రగా కనిపిస్తుంది, తీసేసింది గీత కొట్టి ఉంటుంది. నచ్చితే యాక్సెప్ట్ నొక్కండి, నచ్చకపోతే రిజెక్ట్. రిజెక్ట్ చేస్తే మీ మాట మీ చోటికి వచ్చేస్తుంది. అర్థం మారే చోట నేను అసలు దిద్దను. పక్కన మార్జిన్లో కామెంటు పెట్టి అడుగుతాను."

పెద్దాయన కళ్లు బాగా మసకబారాయి. అందుకని ఫైలు తిరిగొచ్చినప్పుడల్లా కూతురు పక్కన కూర్చుని ఒక్కో మార్పూ పైకి చదివేది. ఆయన కళ్లు మూసుకుని విని "ఊఁ" అంటే యాక్సెప్ట్, "అబ్బే" అంటే రిజెక్ట్. "అబ్బే"లే ఎక్కువ. "ఈ దిద్దుళ్లమ్మ నా నోట్లో నోరు పెట్టి మాట్లాడుతోందే!" అని విసుక్కుంటూనే తండ్రీకూతుళ్లిద్దరూ నవ్వుకునేవాళ్లు. కూతురు భర్త కట్టడాల కాంట్రాక్టర్. ఆ ఇంట్లోనే పైవాటాలో ఉంటాడు. ఎదురుపడితే తల ఊపడం తప్ప ఎడిటర్‌తో అతనెప్పుడూ మాట్లాడలేదు.

నీళ్ల ట్యాంకు అధ్యాయం చేతికొచ్చేదాకా పని సాఫీగానే సాగింది.

ఊళ్లో మార్కెట్ నడిబొడ్డున ఎత్తైన స్తంభాల మీద నిలబడ్డ పాత ట్యాంకు అది. వయసులో ఉండగా పెద్దాయన దగ్గరుండి కట్టించారు. కాంక్రీటు పోస్తుండగా కుండపోతగా వాన పడిందనీ, ఉత్తరం వైపు స్తంభం లోపల గుల్లగా మిగిలిందనీ రాశారు. దాని చుట్టూ మళ్లీ కాంక్రీటు తొడుగు వేయించి, ట్యాంకు మీద ఇక ఏ బరువూ పెంచకూడదని ఆఫీసుకి రాసిచ్చారట. ఆ పేరా చివర్లో ఇలా ఉంది: "ఆ స్తంభం ఉన్నదాన్ని మోస్తుంది. ఇంకొక్క బిందె ఎక్కువైనా మోస్తుందని నేను పూచీ పడలేను."

ఒకచోట ఉత్తరం అని, ఇంకోచోట తూర్పు అని ఉంటే ఎడిటర్ మార్జిన్లో అడిగింది: "సార్, గుల్లబారిన స్తంభం ఏ వైపుది?" కూతురు టైపు చేసిన జవాబు కామెంటు కిందే వచ్చింది: "ఉత్తరం. నిద్రలో లేపి అడిగినా ఉత్తరమే. తూర్పు నా పొరపాటు, మార్చు."

ఆమె తూర్పుని ఉత్తరం చేసింది. ఎర్రగా కనపడుతున్న ఆ మాటని చూస్తూ కాసేపు అలాగే కూర్చుంది. ఎందుకంటే ఆ ట్యాంకు కిందే వాళ్లక్క కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు కుడుతుంది.

మర్నాడు అక్కకి అన్నం పట్టుకెళ్లినప్పుడు మొదటిసారి తలెత్తి చూసింది. ట్యాంకు చుట్టూ ఇనప గొట్టాల సారవ కట్టి ఉంది. పైన మనుషులు చీమల్లా తిరుగుతున్నారు. ఉత్తరం వైపు స్తంభం మీద తడిమరక ఒకటి పైనుంచి కిందిదాకా నల్లగా జారి ఉంది. సరిగ్గా దాని మొదట్లోనే ఉల్లిపాయలమ్మే ఆవిడ గోనె పరుచుకుని కూర్చుంది.

"ఏం కడుతున్నారక్కా?"

"పైన ఇంకో అంతస్తు ట్యాంకట. ఇకనుంచి పొద్దున్నా సాయంత్రం కూడా నీళ్లొస్తాయట," అంది అక్క నోట్లో గుండుసూదులు పెట్టుకునే. "మీ ఇంజనీరుగారి అల్లుడిదే కాంట్రాక్టు. నీకు తెలీదూ?"

ఆమెకి తెలీదు. పెద్దాయనకీ తెలిసుండదని వెంటనే తోచింది.

ఆ మధ్యాహ్నమే అల్లుడు ఫోన్ చేశాడు. గొంతు మెత్తగా, వెన్న రాసినట్టుంది.

"మేడమ్, ట్యాంకు చాప్టర్లో చివర్లో ఒక పేరా ఉంది. పెద్దాయనకి వయసు మీద పడింది, ఏదేదో ఊహించుకుని రాస్తారు. దాన్ని తీసేయండి."

"తీసేస్తే గీత కొట్టినట్టు కనపడుతుందండీ. సార్ చూసి సరేనంటే అప్పుడు పోతుంది."

"అదే చెప్తున్నా. ఆ ట్రాకింగేదో ఆపేసి తీయండి. ఆయనకెలాగూ కనపడదు."

"కనపడదు కాబట్టే అలా చెయ్యలేను."

 అవతల వెనకెక్కడో ఇనుము మీద సుత్తి దెబ్బలు.

"మీ అక్కగారి కొట్టు మా ట్యాంకు కిందే కదూ? పని నడుస్తున్న చోట ఎవరుండాలో ఎవరు లేవాలో నన్నే చూసుకోమన్నారు. ఆలోచించుకోండి మేడమ్, తొందరేం లేదు."

ఆమె ఫోన్ పెట్టేసింది. ఫైలు తెరిచింది. ఆ పేరాలో ఒక్క అక్షరం ముట్టుకోలేదు. పేరా మొత్తాన్ని సెలెక్ట్ చేసి, పక్కన కామెంటు పెట్టింది: "సార్, ఈ పేరా తీసేయమని మీ అల్లుడుగారు నాకు ఫోన్ చేశారు. నేను తీయలేదు. ఉంచాలో తీయాలో మీరే చెప్పాలి. ట్యాంకు మీద ఇప్పుడు ఇంకో అంతస్తు కడుతున్నారు. మీకు తెలుసా?"

పంపేశాక గానీ ఆమెకి ఇంకో సంగతి తట్టలేదు. ఆ కామెంటుని పైకి చదవాల్సింది కూతురు.

ఫైలు ఎప్పటికంటే ఆలస్యంగా తిరిగొచ్చింది. చూడ్డానికి అంతా మామూలే. కొన్ని మార్పులు ఒప్పుకున్నారు, చాలావాటిని కాదన్నారు, రెండు చోట్ల పెద్దాయన దెప్పిపొడుపులు కూడా ఉన్నాయి. కానీ చివరికొచ్చేసరికి ఆమె కామెంటు లేదు. కామెంటు పెట్టిన పేరా కూడా లేదు. గీత లేదు, ఎరుపు లేదు, జవాబు లేదు. అక్కడెప్పుడూ ఏమీ లేనట్టు పైపేరా కింద తర్వాతి పేరా వచ్చి అతుక్కుపోయి ఉంది.

తను పంపిన ఫైలునీ తిరిగొచ్చిన ఫైలునీ పక్కపక్కన పెట్టి, రెండిటినీ పోల్చమని కంప్యూటర్‌కి చెప్పింది. మాయమైన పేరా మొత్తం ఎర్రటి గీతతో తెర మీద తేలింది. ఎవరో ట్రాకింగ్ ఆపి, పేరాని చెరిపి, మళ్లీ ఆన్ చేశారు. పేరాతోపాటే దాన్ని పట్టుకుని ఉన్న కామెంటూ పోయింది.

ఇక ఫోన్లతో అయ్యే పని కాదనిపించింది. ఆ పేజీని గీతలతో సహా పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసుకుని ఆ ఇంటికి వెళ్లింది. దారిలో ట్యాంకు కనిపించింది. పైన కొత్త గోడ లేచింది. లోపలికి నీళ్లు ఎక్కిస్తున్న మోటారు చప్పుడు వీధి చివరిదాకా వినిపిస్తోంది.

పెద్దాయన కిటికీ పక్కన కుర్చీలో ఉన్నారు. కూతురు తలుపు తీసి, ఆమె చేతిలో కాగితం చూసి, పక్కకి తప్పుకుంది.

"సార్, ఇవాళ నేను చదువుతాను," అంది ఎడిటర్. పేరా చదివింది, తర్వాత తన కామెంటు చదివింది. పెద్దాయన ఊఁ అనలేదు, అబ్బే అనలేదు. కూతురున్న వైపు మొహం తిప్పారు.

"ఇది నాకు చదివి వినిపించలేదేమ్మా?"

"చదివితే మీరు ఊరుకోరు నాన్నా. ఆయన పని ఆగిపోతుంది. పాత స్తంభమే కదా, ఇన్నేళ్లు నిలబడింది కదా అన్నారు. మీరు రాసిందే తీసేస్తే..."

"తీసేస్తే స్తంభం నిండిపోతుందా?"

కూతురు ఏడవడం మొదలుపెట్టింది. పెద్దాయన ఓదార్చలేదు. "ఆ చప్పుడేమిటి? అక్కడ నీళ్లు ఎక్కిస్తున్నారా?" అని అడిగారు. వాళ్లిద్దరూ పట్టించుకోని మోటారు చప్పుడు ఆయనకి అంత దూరం నుంచీ వినిపించింది. ఎడిటర్ అవునంది.

తన కింద పనిచేసినవాడు ఇప్పుడు నీళ్ల ఆఫీసులో పెద్ద హోదాలో ఉన్నాడు. అతనికి ఫోన్ కలపమన్నారు. "ఒరేయ్, నేనురా. మోటారు ఆపించు. కారణం తర్వాత చెప్తా, ముందు ఆపించు. కింద మనుషుల్ని లేపించు." ఆ గొంతులో ముసలితనం లేదు.

మోటారు ఆగింది. ఆ నిశ్శబ్దం మోటారు చప్పుడు కంటే ఎక్కువ భయపెట్టింది.

సాయంత్రానికి మార్కెట్ ఖాళీ చేయించారు. అక్క కుట్టుమిషన్ నెత్తిన పెట్టించుకుని, కనపడిన వాళ్లందరినీ తిట్టుకుంటూ ఇంటికొచ్చింది. ట్యాంకులో నీళ్లు మెల్లగా వదులుతుండగానే ఉత్తరం స్తంభం తొడుగు నిలువునా చీలి, తలుపంత పెంకు ఊడిపడింది. సరిగ్గా ఉల్లిపాయలావిడ గోనె పరిచే చోటే. గోనె ఇంకా అక్కడే ఉంది, ఆవిడ లేదు. లోపల ఇనప చువ్వలు తుప్పు పట్టి పొరలు పొరలుగా రాలుతున్నాయట.

ట్యాంకుని పై నుంచి ముక్కలు ముక్కలుగా విప్పేశారు. విచారణ మొదలైంది. అల్లుడు పైవాటాకి రావడం మానేశాడు. కానీ అక్క వరండాలో మిషన్ వేసుకుని కుడుతున్నప్పుడు, ఎదురుగా వీధిలో అతని కారు ఒక్కోసారి ఇంజను ఆపకుండా నిలబడి ఉండేది. అద్దం దిగేది కాదు. అక్క పాదం ఆపి అటే చూసేది. కాసేపటికి కారు దాని దారిన వెళ్లిపోయేది.

పుస్తకం పని మాత్రం ఆగలేదు. ఆ పేరా తిరిగి తన చోటికొచ్చింది. ఇప్పుడు మార్పులు చదవడానికి ఎడిటర్ స్వయంగా వెళ్తోంది. పెద్దాయనే అలా కోరారు. ఆమె చదువుతుంటే ఆయన "ఊఁ" అనో "అబ్బే" అనో అంటారు. పాత వెటకారం కొంచెం తిరిగొచ్చింది కూడా. కూతురు పక్కగదిలో తలుపు ఓరగా వేసుకుని కూర్చుంటుంది.

ఒకసారి వెళ్లొస్తానని లేచినప్పుడు కూతురు గేటు దాకా వచ్చింది. చాలా రోజుల తర్వాత ఎడిటర్‌తో ఆమె నోరు విప్పడం అదే.

"నిన్న పేపర్లో వార్త చదివి వినిపించాను," అంది. "అయిపోయాక నాన్న అడిగారు, అంతే రాశారా, ఇంకేమీ లేదు కదా అని. వాతావరణం గురించిన వార్త అది."

కూతురు గేటు గడియ మీద చెయ్యి తీయకుండా నిలబడింది, ఎడిటర్ ఏమైనా చెప్తుందేమోనని. లోపల్నుంచి పెద్దాయన పిలిచారు: "అమ్మాయ్, ఎవరితో మాట్లాడుతున్నావు?"

"ఎవరూ లేరు నాన్నా," అనబోయి ఆగిపోయింది కూతురు. మళ్లీ అబద్ధమే నోటిదాకా వచ్చింది. గేటు వదిలేసి లోపలికి పరిగెత్తింది.