ఉత్తరం కిందికి తిప్పిన పటం

పిల్లలు ఆమెను చిన్న టీచర్ అనేవాళ్ళు. టీచర్ ట్రైనింగ్ ఆఖరి నెలలో ఈ బడికి పంపారు. ఆరో తరగతికి భూగోళం చెప్పాలి. శుక్రవారం పరీక్షాధికారి వచ్చి, వెనక బెంచీలో కూచుని ఒక పాఠం చూసి ఆమెకి మార్కులు వేస్తాడు.

ఆ పాఠం ఖాళీ పటాలతో మ్యాపు చదవడం. లెసన్ ప్లాన్ ఎంతో ముచ్చటపడి రాసుకుందామె. మొదటి పది నిమిషాలు పటాన్ని నేలమీద పరచాలి. దాని మీది ఉత్తరం బాణాన్ని నిజంగా ఉత్తరం ఉన్న వైపుకి తిప్పాలి. పిల్లలు చుట్టూ నిలబడి మిగతా దిక్కులు వాళ్ళే చెప్పాలి. ఆ తర్వాతే సరిహద్దు గీత మాత్రం ఉన్న కాగితాలు పంచి, కొండలు గోధుమరంగులో, నదులు నీలంలో, కొండల దగ్గర మొదలుపెట్టి సముద్రం దాకా గీయించాలి.

క్లాసు అసలు టీచరు పెద్దావిడ. ప్లాన్ చదివి, ఆ పది నిమిషాల మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కొట్టింది.

"నలభై నిమిషాల పీరియడ్‌లో నేలమీద ఆటలేంటమ్మా? గురువారం ఇదే పటం, ఇవే ఐదు నదులు, ఇవే మూడు కొండలు రెండుసార్లు నింపించు. శుక్రవారం కళ్ళు మూసుకుని పెట్టేస్తారు."

"అది బట్టీ పట్టడమే కదండీ?"

"నీకు మార్కులు కావాలా, భూగోళం కావాలా?"

చిన్న టీచర్ ప్లాన్ మడిచి సంచిలో పెట్టుకుంది.

ఆ క్లాసులో ఒక పిల్లను అందరూ నత్త అని పిలిచేవాళ్ళు. అందరూ రాసేశాక అది పెన్ను తీసేది, అన్నిట్లో ఆఖరే. సోమవారం నుంచి బడి వదిలాక చిన్న టీచర్ ఆ పిల్లను వరండాలో కూచోబెట్టుకుంది. కొట్టేసిన ఆ పది నిమిషాలూ దానికే నేర్పింది. మొదటి రోజు నత్త పటం మీదే నిలబడి చినిగేలా చేసింది. మూడోరోజుకి ఎటు తిప్పి ఇచ్చినా ముందు బాణం వెతికి, తర్వాత చెయ్యి చాపి, "టీచర్, సముద్రం ఇటుంది" అనడం మొదలుపెట్టింది. గురువారం క్లాసంతటి చేత చిన్న టీచర్ అదే పటం రెండుసార్లు నింపించింది. ఆ సాయంత్రం నత్త ఐదు నదులూ గీసింది, వంకరగా, కానీ సరిగ్గా.

"రేపు సార్‌కి చూపించనా టీచర్?"

"చూపిద్దువుగాని."

శుక్రవారం పొద్దున పెద్ద టీచర్ ముగ్గుర్ని లేపింది. నత్త, చదువులో వెనకబడ్డ ఇంకో ఇద్దరు. "మీరు లైబ్రరీ గదిలో కూచోండి. పిలిచేదాకా రాకండి." చిన్న టీచర్ వైపు తిరిగి మెల్లగా అంది, "హాజరు పట్టీలో ఆబ్సెంట్ వేసెయ్."

నత్త తన కాగితాన్ని గుండెకి హత్తుకుని చిన్న టీచర్ కేసి చూసింది. చిన్న టీచర్ సుద్దముక్క కోసం వెతుక్కుంటున్నట్టు తలొంచుకుంది. తర్వాత ముగ్గురి పేర్లకెదురుగా ఆబ్సెంట్ వేసింది.

పాఠం నల్లేరు మీద నడకలా సాగింది. పిల్లలు నదులు టకటకా గీశారు. పరీక్షాధికారి లేచి, మొదటి బెంచీ పిల్లవాడి కాగితం తీసుకుని తలకిందులుగా పెట్టాడు. ఉత్తరం బాణం ఇప్పుడు కిందికి చూస్తోంది.

"తూర్పు ఎటు బాబూ?"

పిల్లవాడు ఠక్కున కుడివైపు చూపించాడు. ఇంకొకరిని అడిగాడు. కుడివైపే. ఇంకో ఐదుగురు. అందరిదీ కుడిచెయ్యే.

"ఈ క్లాసులో ఎడమవైపు అని చెప్పగలిగేవాళ్ళు ఒక్కరూ లేరామ్మా?"

చిన్న టీచర్ తలుపు వైపు చూసింది. ఒకరున్నారు. పిలిస్తే హాజరు పట్టీ అబద్ధమని తేలిపోతుంది. పెద్ద టీచర్ కళ్ళురిమింది.

"లేరండీ."

అప్పుడే తలుపు దగ్గర అలికిడయింది. నత్త. ఎవరూ పిలవకపోయేసరికి ఓపిక పట్టలేక వచ్చేసింది. కాగితం రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

"ఎవరీ పాప?" అన్నాడాయన.

చిన్న టీచర్ నత్త వైపు చూడకుండా అంది, "మా క్లాసు పిల్ల కాదండీ. పక్క సెక్షను."

క్లాసులో ఎవరో కిసుక్కుమన్నారు. నత్త చేతుల్లోని కాగితం దించేసింది. పెద్ద టీచర్ లేచి, "వెళ్ళమ్మా, మీ క్లాసుకెళ్ళు" అని తలుపేసింది.

పరీక్షాధికారి కాగితం మీద ఒక్క వాక్యం రాశాడు: పిల్లలకు పటం చదవడం రాదు, గుర్తుపెట్టుకోవడం వచ్చు. పాసుకి సరిపోయే మార్కులు వేశాడు, అంతే. "నా మాట వినబట్టి ఆమాత్రమైనా వచ్చాయి" అంది పెద్ద టీచర్ సంచి సర్దుకుంటూ.

సోమవారం బడి వదిలాక చిన్న టీచర్ గేటు దగ్గర నత్తను ఆపింది. కొత్త ఖాళీ పటం చేతిలో పెట్టింది.

"రా, వరండాలో కూచుందాం. ఈసారి పట్టణాలు పెడదాం."

నత్త పటం వైపు చూసింది. బాణం వెతకలేదు. దాన్ని తిరిగి చిన్న టీచర్ చేతిలోనే పెట్టేసింది.

"నాకు రాదు టీచర్," అంది. అని, మిగతా పిల్లల వెనక నడుచుకుంటూ వెళ్ళిపోయింది.